నాస్‌డాక్ లిస్టింగ్‌తో ఈక్విటీ ఖర్చు మూడు శాతం తగ్గుతుందట: నమ్మొచ్చా?

*"హైదరాబాద్‌లో బల్క్ డ్రగ్స్ తయారుచేసే ఒక లిస్టెడ్ కంపెనీలో ఫైనాన్స్ హెడ్‌ని. మార్కెట్ విలువ 2,400 కోట్లు, ప్రమోటర్ల వాటా 58 శాతం. కొత్త ప్లాంటుకు 300 కోట్లు కావాలి. నాస్‌డాక్‌లో ఏడీఆర్‌కి వెళ్తే ఈక్విటీ ఖర్చు 14 నుంచి 11 శాతానికి దిగుతుందని ఒక బ్యాంకర్ స్లైడ్లు చూపించాడు. ఇంకో కన్సల్టెంటు, అంత శ్రమ దేనికి, లక్సెంబర్గ్‌లో జీడీఆర్ వేద్దాం, కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు, ఆరు వారాల్లో అయిపోతుందంటున్నాడు. మా ఎండీ గారికి నాస్‌డాక్ మీద మనసు పడింది. 'అమెరికాలో మనవాళ్లే సగం కొనేస్తారు' అంటున్నారు. నాకు అనుమానంగా ఉంది కానీ అంకెల్లో చూపించలేకపోతున్నాను. వద్దంటే పని పెరుగుతుందని భయపడుతున్నానంటారు. రెండు వారాల్లో బోర్డు మీటింగ్. ఏం చెప్పాలి?"*

ఏడీఆర్, జీడీఆర్ అంటే మన షేర్లను బ్యాంకు దగ్గర ఉంచి, వాటికి బదులుగా విదేశాల్లో అమ్మే డిపాజిటరీ రిసీట్లు; ఏడీఆర్ అమెరికాలోది. ఈక్విటీ ఖర్చంటే వాటాదారులు అడిగే రాబడి. ముందు బ్యాంకర్ స్లైడును అతని లెక్కతోనే పరీక్షించండి. మీ ఈక్విటీ ఖర్చు 14 శాతం, దీర్ఘకాల వృద్ధి 8 శాతం అనుకుందాం. రెండింటికీ తేడా 6. మార్కెట్ విలువ 2,400 కోట్లు కాబట్టి, వాటాదారులకు మిగిలే ఏడాది నగదు 144 కోట్లని మార్కెట్ అనుకుంటున్నట్టు లెక్క.

```
విలువ = నగదు / (ఈక్విటీ ఖర్చు − వృద్ధి)
2,400 = 144 / (0.14 − 0.08)
```

ఇందులో 14 తీసి 11 పెట్టండి. తేడా 3 అవుతుంది, కంపెనీ విలువ 4,800 కోట్లవుతుంది. అంటే ప్లాంటులో ఒక్క రియాక్టరు కూడా మారకుండా, న్యూయార్క్‌లో ఒక కాగితం లిస్టయినందుకే కంపెనీ విలువ రెట్టింపు కావాలి. అదే నిజమైతే అమెరికాలో లిస్ట్ అవుతామని ప్రకటించిన రోజుల్లోనే షేర్లు ఎగిరిపోవాలి. డారియస్ మిల్లర్ 1999లో ప్రచురించిన పరిశోధనలో ఆ ప్రకటనల చుట్టూ కనిపించిన సగటు అదనపు పెరుగుదల సుమారు ఒక శాతం. వర్ధమాన దేశాల కంపెనీలకు కాస్త ఎక్కువే గానీ రెట్టింపు మాట ఎక్కడా లేదు. బోర్డు ముందు మొదట ఈ ఒక్క లెక్క పెట్టండి. మూడు శాతం అనే మాట అక్కడే ఆగుతుంది.

అలాగని బ్యాంకర్ ఆ అంకెను గాల్లోంచి తెచ్చాడనుకోకండి. ఎర్రుంజా, మిల్లర్ 2000లో ప్రచురించిన పరిశోధనలో డిపాజిటరీ రిసీట్లు తెచ్చిన 126 కంపెనీలకు మూలధన వ్యయం 42 శాతం తగ్గిందని తేలింది. కానీ అది ఎక్కువగా 1990ల తొలినాళ్ల దాకా ఉన్న ప్రపంచం. అప్పట్లో చాలా దేశాల మార్కెట్లకు తలుపులు మూసి ఉండేవి. బయటి మదుపరి లోపలికి రాలేడు, లోపలివాడు డబ్బు బయట పెట్టలేడు. ఒకే దేశపు రిస్కంతా ఆ దేశంవాళ్లే మోయాల్సి వచ్చేది కాబట్టి ఎక్కువ రాబడి అడిగేవారు. ఏడీఆర్ వస్తే అదే షేరు ప్రపంచమంతా పెట్టుబడి పరచుకున్నవాడి చేతికి వెళ్తుంది. అతనికి మీ కంపెనీ రిస్కులో చాలా భాగం మిగతా దేశాల షేర్లతో చెల్లిపోతుంది కాబట్టి తక్కువ రాబడికే ఒప్పుకుంటాడు. ఏడీఆర్‌తో ఈక్విటీ ఖర్చు తగ్గడం వెనక అసలు సూత్రం ఇదే.

మరి మన మార్కెట్ ఇప్పుడు మూసి ఉందా? 1992 సెప్టెంబరు నుంచి విదేశీ సంస్థలు నేరుగా ముంబైలో కొంటున్నాయి. మీ షేరును అమెరికా ఫండ్ కొనాలనుకుంటే విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరిగా, అంటే ఎఫ్‌పీఐగా నమోదై నేరుగా కొనగలదు. ఏడీఆర్ తెరవాల్సిన తలుపు ఇప్పటికే తెరిచి ఉంది. టాటా మోటార్స్ 2023 జనవరిలో న్యూయార్క్ నుంచి తన అమెరికన్ డిపాజిటరీ షేర్లను వెనక్కి తీసుకున్నప్పుడు చెప్పిన కారణం కూడా ఇదే: భారత మార్కెట్లోనే లావాదేవీలు, విదేశీ మదుపరుల రాక బాగా పెరిగాయని. అక్కడ అంతకాలం ఉన్న కంపెనీ ఆ మాటంటే, కొత్తగా వెళ్లే కంపెనీ చెవిన వేసుకోవాలి.

బ్యాంకర్ స్లైడ్లలో ఇన్ఫోసిస్ ఏడీఆర్ ప్రీమియం గ్రాఫ్ ఉండే ఉంటుంది. 2000ల తొలి ఏళ్లలో ఆ ఏడీఆర్ ముంబై ధరకన్నా చాలా ఎక్కువకు అమ్ముడుపోయింది. అక్కడివాళ్లకు ఆ షేరు దొరికే దారి సన్నగా ఉండటం వల్ల వచ్చిన కొరత ధర అది. ఏడీఆర్‌ను రద్దు చేసి ముంబై షేరుగా మార్చుకోవచ్చు గానీ, ముంబై షేరును ఏడీఆర్‌గా మార్చే వీలు అప్పట్లో లేదు. రిజర్వ్ బ్యాంకు 2002లో ఆ దారి తెరిచినా, అప్పటికి రద్దయిన ఏడీఆర్‌ల మేరకే పరిమితం చేసింది. ప్రీమియం ఉన్నది ఆ కొద్దిపాటి ఏడీఆర్‌లకు. కంపెనీ మొత్తం ఈక్విటీ ఖర్చు ముంబై ధరలోనే ఉంది.

ఇక మీ షేరు సంగతి. మీ షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌లో విదేశీ సంస్థల వరస తీసి చూడండి. రెండు మూడు శాతమే ఉంటే, వాళ్లు రాలేకపోతున్నారా, రావడానికి ఇష్టపడటం లేదా అన్నది తేల్చాలి. ప్రమోటర్ల 58 తీసేస్తే బయట తిరిగే షేర్ల విలువ సుమారు 1,000 కోట్లు. రోజుకు రెండు కోట్ల లావాదేవీ జరుగుతుందనుకోండి. ఒక ఫండ్ 50 కోట్లు పెట్టాలనుకుంది. ధర కదిలిపోకుండా రోజు లావాదేవీలో ఐదో వంతు, అంటే 40 లక్షలు మాత్రమే కొనగలదు. 125 ట్రేడింగ్ రోజులు పడుతుంది. ఆరు నెలలు కొని, బయటపడటానికి మరో ఆరు నెలలు పట్టే షేరును ఫండ్ మేనేజరు పక్కన పెడతాడు. మీ 14 శాతంలో కొంత ఈ ఇరుకుకు కడుతున్న వడ్డీ. ఏడీఆర్ దీన్ని నయం చేస్తుందా అంటే, కొత్త షేర్లు 300 కోట్లవి వస్తాయి, నిజమే. అయితే అవి ముంబైలో తిరిగే సరుకుకు కలవవు, అటు నాస్‌డాక్‌లో వేరేగా తిరుగుతాయి. చిన్న కంపెనీకి రెండు చోట్లా పలచన అయ్యే ప్రమాదం ఉంది.

ఎండీ గారి 'మనవాళ్లు కొంటారు' లెక్క ఇక్కడే తేల్చేయండి. సెబీ 2019 అక్టోబరు నిబంధనల ప్రకారం లిస్టెడ్ కంపెనీ కొత్తగా తెచ్చే డిపాజిటరీ రిసీట్లను భారత నివాసులూ ఎన్నారైలూ కొనకూడదు. ఉద్యోగుల షేర్ పథకాలు, బోనస్, రైట్స్ లాంటి సందర్భాలకు మాత్రం 2020 డిసెంబరులో సడలింపు ఇచ్చారు. కాబట్టి భారత పాస్‌పోర్టుతో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు ఈ ఇష్యూలో కొనేవాళ్ల లెక్కలోకి రారు. వాళ్లకు మీ షేరు కావాలంటే ఎన్నారై ఖాతాతో ఇక్కడే కొనుక్కోవచ్చు, ఇవాళే కొనుక్కోవచ్చు.

మరి ఏడీఆర్ వల్ల ఏమీ రాదా? వస్తుంది, కాకపోతే వేరే దారిన. హెయిల్, ల్యూజ్ 2009లో ప్రచురించిన పరిశోధనలో అమెరికా ఎక్స్ఛేంజీల్లో లిస్టయిన విదేశీ కంపెనీలకు ఈక్విటీ ఖర్చు 0.7 నుంచి 1.2 శాతం దాకా తగ్గినట్టు కనిపించింది. మదుపరుల రక్షణ చట్టాలు బలహీనంగా ఉన్న దేశాల కంపెనీలకు ఎక్కువ తగ్గింది. దీనికి వాళ్లు చెప్పే కారణం కంపెనీ తన చేతులు తానే కట్టేసుకోవడం. అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి ఏటా 20-ఎఫ్ అనే వార్షిక నివేదిక దాఖలు చేయాలి, అంతర్గత నియంత్రణల మీద ఎండీ, మీరు సంతకాలు పెట్టాలి, తప్పు జరిగితే అమెరికా కోర్టుల్లో సామూహిక దావా ఎదుర్కోవాలి. ఇన్ని బంధాలు తగిలించుకున్న ప్రమోటరు కంపెనీ డబ్బు పక్కదారి పట్టించడని మదుపరి నమ్మి, తక్కువ రాబడికి సరేనంటాడు.

ఈ బంధాలకు ఖర్చుంది. ఇక్కడి నుంచి నేను వేసే అంకెలు అంచనాలే, మీ కొటేషన్లు వచ్చాక మార్చుకోండి. డాలరు 85 రూపాయలైతే 300 కోట్లంటే సుమారు 3.5 కోట్ల డాలర్లు. అమెరికాలో ఈ సైజు ఇష్యూలకు అండర్‌రైటింగ్ కమిషన్ ఏడు శాతం దగ్గర స్థిరపడింది, అది 21 కోట్లు. లాయర్లు, అమెరికా ఆడిట్ నియంత్రణ సంస్థ పీసీఏఓబీ ప్రమాణాల్లో తిరిగి ఆడిట్, రిజిస్ట్రేషన్ కలిపి ఇంకో 15 కోట్లు వేసుకోండి. ఒక్కసారి ఖర్చు 36 కోట్లు. ఆ తర్వాత ఆడిట్ అదనం, డైరెక్టర్ల బీమా, అమెరికా లాయర్లు, ఇన్వెస్టర్ రిలేషన్స్ కలిసి ఏడాదికి 15 లక్షల డాలర్లు, అంటే 12.75 కోట్లు. పన్ను పోను సుమారు 9.5 కోట్లు. ఇది ఏటా ఉంటుంది కాబట్టి 14 శాతంతో భాగిస్తే నేటి విలువ 68 కోట్లు. రెండూ కలిపి 104 కోట్లు.

ఇప్పుడు పై సూత్రంలోకి వెళ్లండి. ఈ 104 కోట్లు పూడాలంటే కంపెనీ విలువ 2,504 కోట్లు కావాలి. 144ను దానితో భాగిస్తే తేడా 5.75 శాతం. అంటే ఈక్విటీ ఖర్చు 14 నుంచి 13.75కి దిగితే మీకు లాభనష్టాలు సరి. హెయిల్, ల్యూజ్ చెప్పిన 0.7 నిజంగా వస్తే విలువ 2,717 కోట్లు, ఖర్చులు పోను 200 కోట్లకు పైగా మిగులు. 0.2 మాత్రమే వస్తే 2,483 కోట్లు, 20 కోట్లు చేతి చమురు. బోర్డులో అడగాల్సింది 'ఏడీఆర్ మంచిదా' అని కాదు, 'ఆ పావు శాతం మనకు ఎక్కడి నుంచి వస్తుంది' అని. మీకన్నా పదిరెట్లు పెద్ద కంపెనీకి ఏటా అయ్యే ఖర్చు అంతగా పెరగదు కాబట్టి, దానికి ఈ గీటురాయి చాలా కిందే ఉంటుంది. 2001లో న్యూయార్క్‌కు వెళ్లిన డాక్టర్ రెడ్డీస్ లాంటి కంపెనీని చూపించి 'వాళ్లు వెళ్లారుగా' అంటే, ఈ తేడా చెప్పండి.

బ్యాంకర్ అంచనాలో వార్షిక ఖర్చు బాగా తక్కువగా కనిపిస్తే ఒక సంగతి చూడండి. అమెరికా 2012లో తెచ్చిన జాబ్స్ చట్టం కింద చిన్న కంపెనీలకు అంతర్గత నియంత్రణల మీద ఆడిటరు ధృవీకరణ ఐదేళ్ల దాకా అక్కర్లేదు. చాలామంది ఆ ఐదేళ్ల ఖర్చునే ఎప్పటికీ ఉండేదిగా చూపిస్తారు. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ ధృవీకరణే లేకపోతే మదుపరి నమ్మాల్సిన బంధం కూడా ఆ మేరకు వదులైనట్టే, అప్పుడు 0.7 శాతం మొత్తం లెక్కలో వేసుకోవడం కుదరదు.

ఆ బంధం ఎంత బలమైనదో మన ఊరి ఉదాహరణే చెబుతుంది. సత్యం కంప్యూటర్స్ 2001లో న్యూయార్క్‌లో లిస్టయింది. 20-ఎఫ్‌లు, పెద్ద ఆడిటరు, అంతర్గత నియంత్రణల మీద సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం అడిగే సంతకాలు అన్నీ ఉన్నాయి. అయినా 2009 జనవరి 7న ఛైర్మన్ లేఖలో లేని నగదు 5,040 కోట్లని బయటపడింది. తర్వాత ఎస్ఈసీకి కోటి డాలర్ల జరిమానా, సామూహిక దావాలో 12.5 కోట్ల డాలర్ల సెటిల్మెంటు. ఆ డబ్బు అమెరికా వైపు మదుపరులకు వెళ్లింది. కట్టింది కంపెనీ, అంటే ఇక్కడ దలాల్ స్ట్రీట్‌లో కొనుక్కున్న చిన్న వాటాదారు జేబు కూడా అందులో ఉంది. కాబట్టి లిస్టింగ్ బోర్డు మాత్రమే చూసి మదుపరి కరిగిపోడు, కంపెనీ లోపల ఏముందో అడుగుతాడు. మీ కంపెనీలో ప్రమోటర్ల సొంత సంస్థలతో కొనుగోళ్లు, వాళ్లకు ఇచ్చిన అడ్వాన్సులు, తాకట్టు పెట్టిన షేర్లు ఉన్నాయా? ఉంటే మీ 14 శాతంలో కొంత దానికే. దాన్ని విప్పడానికి నాస్‌డాక్ అక్కర్లేదు.

దారుల సంగతికి వద్దాం. 300 కోట్లు ఇప్పుడే కావాలంటే క్విప్ ఉంది, అంటే కొత్త షేర్లను పెద్ద మదుపరి సంస్థలకే నేరుగా అమ్మడం. ధర సెబీ సూత్రం ప్రకారం రెండు వారాల సగటుతో, వాటాదారులు ఒప్పుకుంటే ఐదు శాతం దాకా తగ్గించి ఇవ్వొచ్చు. కమిషన్ ఏడీఆర్‌లో కట్టేదానికన్నా బాగా తక్కువ. విదేశీ ఫండ్లు ఇందులోనే పాల్గొనవచ్చు, కొత్త షేర్లు ముంబైలోనే తిరుగుతాయి కాబట్టి ఆ 125 రోజుల ఇరుకు కొంచెం సడలుతుంది. పైగా ఏడీఆర్ ధర కూడా దేశీయ ఇష్యూకు వర్తించే కనీస ధరకన్నా తగ్గకూడదని సెబీ నిబంధన, అంటే ధర విషయంలో ఏడీఆర్‌తో ప్రత్యేక వెసులుబాటేమీ లేదు. క్విప్ లోటు ఏమిటంటే, డబ్బు వస్తుంది గానీ చేతులకు కొత్త బంధాలేవీ పడవు. మీ సమస్య నమ్మకమే అయితే 14 అలాగే ఉంటుంది.

రెండో దారి, క్విప్ చేసి, అమెరికా ఆలోచనను రెండేళ్లు వాయిదా వేసి, ఆ రెండేళ్లూ అక్కడ లిస్టయినట్టే నడవడం. సంబంధిత పార్టీల లావాదేవీలు తగ్గించండి, అంతర్గత నియంత్రణల పరీక్షలు రాతపూర్వకంగా చేయించండి, ప్రతి త్రైమాసికం కాల్ పెట్టండి. అప్పటికి విదేశీ వాటా పెరిగి, షేరు పీఈ మీ తోటి కంపెనీల దగ్గరికి వస్తే ఆ పావు శాతం ఇక్కడే వచ్చేసినట్టు. రాకపోతే ఏడీఆర్‌కు అప్పుడు అసలైన కారణం దొరుకుతుంది, ఆడిట్ పని కూడా సగం అయిపోయి ఉంటుంది.

మూడోది ఇప్పుడే నాస్‌డాక్. మీ అమ్మకాల్లో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్తూ, అక్కడ ఒక కంపెనీని షేర్లిచ్చి కొనే ఆలోచన ఉంటే ఇది అర్థవంతమే. ఎందుకంటే అమెరికా కంపెనీ యజమాని ముంబై షేరు తీసుకోడు, ఏడీఆర్ తీసుకుంటాడు. అలాంటి ఆలోచన లేకుండా వెళ్తే, ఇంకో సంగతి ముందే తెలియాలి. ఎస్ఈసీ 2007 నాటి నియమం ప్రకారం రిజిస్ట్రేషన్ వదిలించుకోవాలంటే మీ షేరు అమెరికా లావాదేవీలు దాని ప్రపంచ లావాదేవీల్లో ఐదు శాతానికి మించకూడదు, లేదా వాటాదారుల సంఖ్య 300 లోపు ఉండాలి. ఇష్యూ బాగా సాగితే ఆ ఐదు శాతం దాటేస్తారు. సాగకపోతే బయటపడగలరు గానీ 36 కోట్లు వెనక్కి రావు. షేరు పరుగు మీద ఉన్నప్పుడు ఎండీ గారికి ఉత్సాహం వస్తే ఇంకో అంకె చూపించండి. ఫోర్‌స్టర్, కరోల్యీ 1999 పరిశోధనలో, అమెరికాలో లిస్టయిన కంపెనీల షేర్లు అంతకు ముందు ఏడాది సగటున 19 శాతం అదనంగా పెరిగి, ఆ తర్వాత ఏడాది 14 శాతం పోగొట్టుకున్నాయి. షేరు పెరిగింది కాబట్టి లిస్టయ్యారు. బ్యాంకర్లు దాన్నే, లిస్టయ్యారు కాబట్టి షేరు పెరిగిందని తిప్పి చూపిస్తారు.

పని పెరుగుతుందని భయపడుతున్నారన్న మాట మీ మీదికి రాకుండా ఉండాలంటే, వద్దని మొదలుపెట్టకండి. మూడు దారుల లెక్కలూ ఒకే కాగితం మీద పెట్టి, ఏడీఆర్ వరస చివర 'పావు శాతం రావాలి' అని రాసి, ఆ పావు ఎక్కడి నుంచో చెప్పే పని బ్యాంకర్‌కు అప్పగించండి. ఎండీ గారు తన బ్యాంకర్‌ను తానే అడిగేలా ఉంటే మీతో వాదన ఉండదు.

లక్సెంబర్గ్ ప్రతిపాదన మాత్రం వేరే సంగతి. ఆ ఎక్స్ఛేంజీ సెబీ 2019లో అనుమతించిన విదేశీ ఎక్స్ఛేంజీల జాబితాలో ఉందేమో ముందు చూడండి. తర్వాత 'సిద్ధంగా ఉన్న కొనుగోలుదారు' ఎవరో, ఎంతమందో అడగండి. 2011 నుంచి సెబీ ఇచ్చిన అనేక ఆదేశాల్లో ఒకటే పద్ధతి కనిపిస్తుంది. జీడీఆర్ మొత్తం ఒకే సంస్థ కొంటుంది. ఆ డబ్బును అది ఒక విదేశీ బ్యాంకులో అప్పు తీసుకుంటుంది. ఆ అప్పుకు హామీగా కంపెనీ తన ఇష్యూ డబ్బునే అదే బ్యాంకులో తాకట్టు పెడుతుంది. పుస్తకాల్లో కోట్లు వచ్చినట్టుంటాయి, ప్లాంటుకు రూపాయి రాదు. ఇటు జీడీఆర్‌లు షేర్లుగా మారి ముంబైలో అమ్ముడైపోతాయి. అప్పు తీరకపోతే బ్యాంకు కంపెనీ డిపాజిట్‌నే మింగేస్తుంది. ఆ డబ్బు ఖాతా తెరవడానికి బోర్డు తీర్మానం ముసాయిదా పంపుతారు, అందులో చివరి పంక్తులు నిదానంగా చదవండి. జమ చేసిన మొత్తాన్ని ఏవైనా రుణాలకు హామీగా వాడుకునే అధికారం బ్యాంకుకు ఇస్తున్నామని ఉంటే, ఆ ముసాయిదాను అలాగే కంపెనీ సెక్రటరీకీ ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కూ మెయిల్‌లో పంపండి, మీ సంతకం మాత్రం పెట్టకండి. ఇలాంటి కేసుల్లో సెబీ జరిమానాలు, నిషేధాలు కంపెనీతో ఆగలేదు, తీర్మానాన్ని ఆమోదించిన డైరెక్టర్ల దాకా వెళ్లాయి.